పీఎంఆర్‌లో స్టెరాయిడ్ తగ్గించడం ఎలా, తగ్గించాక వచ్చే నొప్పిని అర్థం చేసుకోవడం ఎలా

భుజాలు, తుంటి దగ్గర నొప్పి, బిగుతు తెచ్చే పాలిమయాల్జియా రుమాటికా, అంటే పీఎంఆర్ ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "స్టెరాయిడ్ వేసుకుంటే హాయిగా ఉంటోంది, తగ్గిస్తే మళ్లీ నొప్పులొస్తున్నాయి. ఏం చేయాలి?"

ముందు ఆ నొప్పి ఎందుకొచ్చిందో తేల్చుకోవాలి. జబ్బు తిరగబెట్టి ఉండొచ్చు. శరీరం తక్కువ డోసుకు ఇంకా సర్దుకుంటూ ఉండొచ్చు. శరీరానికి సొంత స్టెరాయిడ్ తయారు చేసే అడ్రినల్ గ్రంథి తన పని మళ్లీ మొదలుపెట్టకపోయి ఉండొచ్చు. కొద్దిమందిలో జెయంట్ సెల్ ఆర్టరైటిస్, అంటే జీసీఏ అనే రక్తనాళాల వాపు బయటపడుతూ ఉండొచ్చు. నాలుగూ బయటికి ఒకేలా కనిపించొచ్చు గానీ నాలుగింటికీ చేయాల్సిన పని వేరు.

అందుకే ఈ మార్గదర్శిని ఒక ఉదాహరణ వెంట నడిపిస్తాను. టీచర్‌గా రిటైరైన 68 ఏళ్ల ఒకావిడ ఉన్నారనుకుందాం. ఐదు వారాలుగా రెండు భుజాలూ నొప్పి. పొద్దున్న లేచాక రెండు గంటల దాకా శరీరం కట్టెలా బిగుసుకుపోతోంది. జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేవడం లేదు, మంచం మీద పక్కకు తిరగాలన్నా కష్టంగా ఉంది. రక్తంలో వాపు ఎంతుందో చూపే పరీక్షల్లో ఈఎస్ఆర్ 72, సీఆర్పీ లీటరుకు 48 మి.గ్రా. ఉంది.

ఇక్కడ చెప్పే డోసులన్నీ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రవి. మార్పు ఏదైనా మీకు వైద్యం చేస్తున్న డాక్టర్‌తో మాట్లాడాకే చేయండి.

## 1. మొదటి మాత్రకు ముందే చేయాల్సినవి

పీఎంఆర్‌ని తేల్చి చెప్పే పరీక్ష ఏదీ లేదు. వయసు, లక్షణాలు, రక్తంలో వాపు గుర్తులు, వేరే జబ్బులు లేవన్న నమ్మకం, ఈ నాలుగూ కలిస్తేనే నిర్ధారణ. 50 ఏళ్ల లోపు వాళ్లలో ఇది దాదాపు కనిపించదు. రెండు భుజాల్లోనూ నొప్పి, 45 నిమిషాలు దాటే ఉదయపు బిగుతు, తుంటి దగ్గర నొప్పి, పెరిగిన ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ ఉంటే అనుమానం బలపడుతుంది.

స్టెరాయిడ్ మొదలుపెట్టాక ఎన్నో జబ్బుల లక్షణాలు మరుగున పడిపోతాయి. ఆ తర్వాత అసలు జబ్బేమిటో వెతకడం చాలా కష్టం. కాబట్టి రక్త పరీక్షలకు శాంపిల్ ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి. ఒకటి రెండు రోజులు ఆగినంత మాత్రాన పీఎంఆర్‌తో ప్రమాదమేమీ రాదు. జీసీఏ అనుమానం ఉంటే మాత్రం ఇది వర్తించదు, దాని సంగతి మూడో మెట్టులో ఉంది.

మొదటి మాత్రకు ముందు చూసుకోవాల్సిన జాబితా:

- ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ. ఒక్కటే చేయిస్తే కొన్నిసార్లు మోసపోతాం.
- రక్తకణాల లెక్క, కిడ్నీ, లివర్, కాల్షియం పరీక్షలు.
- రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ. పెద్ద వయసులో మొదలయ్యే రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదట్లో అచ్చం పీఎంఆర్‌లాగే ఉంటుంది.
- థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కండరాల కోసం సీకే. పీఎంఆర్‌లో సీకే పెరగదు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.
- ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్ అయిన మల్టిపుల్ మైలోమా లేదని చూడటానికి ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్.
- విటమిన్ డి. అది బాగా తగ్గినా తుంటి, తొడల్లో నొప్పులొస్తాయి.
- షుగర్, హెచ్‌బీఏ1సీ, బీపీ, బరువు. రేపు స్టెరాయిడ్ వల్ల ఏం మారిందో తెలియాలంటే ఈరోజు లెక్క కావాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు సీఆర్పీ యూనిట్ల దగ్గర. కొన్ని ల్యాబులు లీటరుకు ఇన్ని మి.గ్రా. అని ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. రెండింటికీ పది రెట్ల తేడా. ఒక రిపోర్టులో 48, ఇంకో ల్యాబు రిపోర్టులో 4.8 కనిపిస్తే జబ్బు తగ్గిందని సంతోషపడటానికి లేదు, రెండూ ఒకటే కావచ్చు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకోండి.

మన ఉదాహరణలో రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ నెగెటివ్. సీకే, టీఎస్‌హెచ్ నార్మల్. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. తలనొప్పి లేదు. పీఎంఆర్ అనుకోవడానికి ఆధారం బాగానే ఉంది.

## 2. ప్రతిసారీ అడగాల్సిన జీసీఏ ప్రశ్నలు

పీఎంఆర్ ఉన్న ప్రతి ఐదారుగురిలో సుమారు ఒకరికి జీసీఏ కూడా ఉంటుంది. జీసీఏ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి పీఎంఆర్ లక్షణాలుంటాయి. ఏది ముందొస్తుందో చెప్పలేం. రెండూ కలిసి రావచ్చు, నెలల తేడాతోనూ రావచ్చు. మొదటి రోజు తలనొప్పి లేదని రాసుకుని ఆ అధ్యాయం మూసేయకూడదు. ప్రతి విజిట్‌లో, ప్రతి డోసు తగ్గింపుకి ముందు మళ్లీ అడగాలి.

ఇంట్లోనే అడిగి చూసుకోదగ్గ ప్రశ్నలివి:

- కొత్తగా తలనొప్పి మొదలైందా? ఇదివరకు వచ్చే తలనొప్పికి ఇది భిన్నంగా ఉందా?
- కణతలు ముట్టుకుంటే, జుట్టు దువ్వుకుంటే, దిండు మీద తల ఆనిస్తే నొప్పిగా ఉందా?
- నములుతుంటే దవడ అలసిపోయి నొప్పెట్టి, ఆపితే తగ్గుతోందా?
- ఒక కంట్లో కాసేపు చూపు మసకబారి తిరిగొచ్చిందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా?
- చెయ్యి పైకెత్తి పని చేస్తుంటే త్వరగా అలసిపోతోందా?
- కారణం తెలియని జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా?

వీటిలో దవడ ప్రశ్నకు నేను ఎక్కువ బరువిస్తాను. చాలామంది దాన్ని పంటి నొప్పి అనుకుని డెంటిస్ట్ దగ్గరికి వెళతారు, డాక్టర్‌కి చెప్పాలని తోచదు. నమలడం మొదలుపెట్టిన కాసేపటికి నొప్పి మొదలై, ఆపగానే తగ్గిపోతే అది దవడ కండరాలకు రక్తం సరిపోవడం లేదన్న సూచన. నోరు తెరిచిన వెంటనే చెవి ముందు కలుక్కుమంటే అది ఎక్కువగా దవడ కీలు నొప్పి.

డాక్టర్ చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. కణత దగ్గరి రక్తనాళం గట్టిపడిందా, నాడి తగులుతోందా అన్నది ఒకటి. రెండు చేతుల్లోనూ బీపీ చూడటం రెండోది. పెద్ద రక్తనాళాల్లో వచ్చే జీసీఏకి తలనొప్పి ఉండకపోవచ్చు. రెండు చేతుల బీపీ మధ్య స్పష్టమైన తేడా, తగ్గని సీఆర్పీ, బరువు తగ్గడం లాంటివే దాన్ని పట్టిస్తాయి.

## 3. జీసీఏ అనుమానం వస్తే ఆ రోజే చేయాల్సినవి

జీసీఏలో చూపు పోతే సాధారణంగా తిరిగి రాదు. వైద్యం ఆలస్యమైతే రెండో కన్ను కూడా రోజుల వ్యవధిలో దెబ్బతినొచ్చు. అందుకే ఇక్కడ క్రమం తలకిందులవుతుంది. పీఎంఆర్‌లో ముందు పరీక్ష, తర్వాత మాత్ర. జీసీఏ అనుమానం బలంగా ఉంటే ముందు మాత్ర, ఆ వెంటనే పరీక్ష.

క్రమం ఇలా ఉంటుంది:

1. అదే రోజు డాక్టర్‌ని కలవాలి. చూపులో ఏ తేడా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.
2. ఈఎస్ఆర్, సీఆర్పీ, రక్తకణాల లెక్కకు రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా రోజుకు 40 నుంచి 60 మి.గ్రా. మొదలుపెడతారు. చూపు దెబ్బతింటుంటే మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్ నరం ద్వారా, సాధారణంగా మూడు రోజుల దాకా ఇస్తారు.
3. కణత ధమనులకు, చంకల దగ్గరి ధమనులకు అల్ట్రాసౌండ్ చేయాలి. ధమని గోడ వాచి చుట్టూ నల్లని వలయంలా కనిపిస్తే దాన్ని హేలో అంటారు. స్టెరాయిడ్ మొదలైన కొద్ది రోజుల్లోనే ఇది మసకబారుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.
4. అల్ట్రాసౌండ్‌తో తేలకపోతే, లేదా అది అందుబాటులో లేకపోతే, కణత ధమని బయాప్సీ చేస్తారు. స్టెరాయిడ్ మొదలై ఒకటి రెండు వారాలైనా బయాప్సీలో గుర్తులు దొరుకుతాయి. కనీసం ఒక సెంటీమీటరు ముక్క కావాలి, ఎందుకంటే వాపు ధమని పొడవునా కాకుండా అక్కడక్కడ మాత్రమే ఉంటుంది. అందుకే బయాప్సీ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జీసీఏ లేదని కొట్టిపారేయలేం.

"ఇప్పటికే పీఎంఆర్‌కి స్టెరాయిడ్ వాడుతున్నాను కదా, జీసీఏ రాదు" అనుకోవడం పెద్ద పొరపాటు. పీఎంఆర్‌కి వాడే చిన్న డోసు జీసీఏని ఆపలేదు. భుజాల నొప్పిని మాత్రం కప్పి ఉంచుతుంది.

## 4. మొదటి డోసు, మొదటి నెల

పీఎంఆర్‌కి మొదటి డోసు రోజుకు 12.5 నుంచి 25 మి.గ్రా. మధ్య ఉంటుంది. మనిషి చిన్నగా ఉంటే, షుగరో గ్లాకోమానో ఉంటే కింది అంచు దగ్గర, లక్షణాలు తీవ్రంగా ఉండి ఇబ్బందులేమీ లేకపోతే పై అంచు దగ్గర మొదలుపెడతారు. 30 దాటి ఇవ్వాల్సి వస్తోందంటే అసలు నిర్ధారణనే మళ్లీ చూడాలి. మొత్తం డోసు పొద్దున్నే, ఏదైనా తిన్నాక, ఒకేసారి వేసుకోవాలి. సాయంత్రం వేసుకుంటే నిద్ర పాడవుతుంది.

మన ఉదాహరణలో 15 మి.గ్రా. మొదలైంది. మూడో రోజుకే ఆవిడ చెయ్యి పైకి లేచింది. మూడో వారం చివర సీఆర్పీ 4కి దిగింది. పీఎంఆర్‌లో సాధారణంగా ఇలాగే జరుగుతుంది. వారంలో సగానికి పైగా ఉపశమనం రాకపోతే డోసు పెంచుకుంటూ పోకండి, మొదటి మెట్టులోని జాబితాకి తిరిగి వెళ్లండి. అయితే స్టెరాయిడ్‌కి బాగా తగ్గిందంటే పీఎంఆరేనని కూడా కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ నొప్పీ తగ్గుతుంది, కొన్ని క్యాన్సర్ల వల్ల వచ్చే నొప్పీ తగ్గుతుంది.

మాత్ర మారితే లెక్క మారుతుందన్నది గుర్తుంచుకోండి. 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌కి 4 మి.గ్రా. మిథైల్ ప్రెడ్నిసొలోన్, సుమారు 6 మి.గ్రా. డెఫ్లాజకార్ట్ సమానం. పేరు చూడకుండా అంకె ఒక్కటే చూసి మాత్ర మార్చేసి, తెలియకుండానే డోసు పెంచుకున్నవాళ్లూ తగ్గించుకున్నవాళ్లూ ఉన్నారు. పైపూత ఉన్న మాత్రల్ని విరిచి వాడకూడదు, చిన్న డోసులకు 1 మి.గ్రా. మాత్రలు లేదా విరవడానికి వీలైన మాత్రలు రాయించుకోండి.

మొదటి నెలలోనే మొదలుపెట్టాల్సిన రక్షణ:

- ఎముకలకు: కాల్షియం, విటమిన్ డి సరిపడా అందుతున్నాయో చూసుకోవడం, ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్. విరిగే ప్రమాదం ఎక్కువగా ఉంటే ఎముకల్ని కాపాడే బిస్ఫాస్ఫొనేట్ మందు. ఎముక నష్టం మొదటి నెలల్లోనే వేగంగా జరుగుతుంది కాబట్టి దీన్ని తర్వాతకు వాయిదా వేయకూడదు.
- షుగర్: మధ్యాహ్న భోజనం తర్వాత లేదా సాయంత్రం చూడాలి. పొద్దున్న వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్‌ని మధ్యాహ్నం నుంచి పెంచి తెల్లారేసరికి దింపేస్తుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేస్తే అంతా బాగున్నట్టు కనిపిస్తుంది.
- కళ్లు: శుక్లం, కంటి ఒత్తిడి కోసం కంటి డాక్టర్‌కి చూపించుకోవడం.
- టీకాలు: ఫ్లూ, న్యుమోకాకల్, సర్పి కోసం ఇచ్చే లైవ్ కాని టీకా గురించి అడగడం.

## 5. తగ్గింపు క్రమం

రెండు దశలుగా ఆలోచిస్తే తేలిక. 10 మి.గ్రా. దాకా కొంచెం వేగంగా, అక్కడి నుంచి చాలా నెమ్మదిగా.

మన ఉదాహరణలో వేసుకున్న ప్రణాళిక ఇది:

- 15 మి.గ్రా.: 3 వారాలు
- 12.5 మి.గ్రా.: 3 వారాలు
- 10 మి.గ్రా.: 5 వారాలు
- ఆ తర్వాత: 4 వారాలకు ఒకసారి 1 మి.గ్రా. చొప్పున

ఏ అడ్డంకీ లేకపోయినా దీనికి దాదాపు ఏడాది పడుతుంది. ఒకటి రెండుసార్లు తిరగబెడితే రెండేళ్లు పడుతుంది. అది చాలా మామూలు సంగతే, వైద్యం విఫలమైందని అనుకోనక్కర్లేదు.

ఎందుకు చివర్లో నెమ్మది? 15 నుంచి 12.5కి దిగితే తగ్గింది ఆరో వంతు. 4 నుంచి 3కి దిగితే తగ్గింది నాలుగో వంతు. అంకె చిన్నదవుతున్నకొద్దీ అదే 1 మి.గ్రా. పెద్ద దెబ్బవుతుంది. 7 కిందికి వచ్చాక అర మి.గ్రా. చొప్పున తగ్గించడం నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. అర మాత్ర దొరకకపోతే ఒకరోజు 6, ఒకరోజు 5 చొప్పున నాలుగు వారాలు వేసుకుని, తర్వాత రోజూ 5కి రావచ్చు.

తగ్గించే రోజు ఉదయం సరిచూసుకోండి:

- గత వారం ఉదయపు బిగుతు 15, 20 నిమిషాల లోపే ఉందా?
- రెండు చేతులూ తల మీదికి సులువుగా లేస్తున్నాయా?
- జీసీఏ ప్రశ్నలన్నింటికీ సమాధానం "లేదు" అనే వచ్చిందా?
- జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్, దూర ప్రయాణం లాంటివేమీ ఈ వారం లేవు కదా?

జీసీఏ ప్రశ్నల్లో దేనికైనా "ఉంది" అని వస్తే మూడో మెట్టులో చెప్పినట్టు అదే రోజు డాక్టర్‌ని కలవాలి. మిగతావాటిలో ఏది సరిపోకపోయినా అదే డోసులో ఇంకో రెండు వారాలు ఉండి చూడటం మంచిది. తేదీ వచ్చింది కదా అని తగ్గించడం, బాగుంది కదా అని ఒకేసారి రెండు మెట్లు దిగడం, రెండూ తర్వాత వెనక్కి నడిపిస్తాయి.

## 6. తగ్గించాక నొప్పి వస్తే

మన ఉదాహరణలో 19వ వారంలో డోసు 8 నుంచి 7కి దిగింది. మూడో రోజుకు ఒళ్లంతా నొప్పులు, నీరసం, చిరాకు. భుజాలతో పాటు మోకాళ్లు, వీపు, కాళ్లు కూడా లాగుతున్నాయి. పొద్దున్న ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంది. చేతులు మాత్రం పైకి లేస్తున్నాయి. సీఆర్పీ 3.

ఇది జబ్బు కాదు, తగ్గింపుకు శరీరం చూపించే ప్రతిస్పందన. డోసు మార్చిన మొదటి కొద్ది రోజుల్లో మొదలై, ఒకటి రెండు వారాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. ఆవిడ 7 దగ్గరే ఆగారు. అవసరమైన రోజు పారాసెటమాల్ వేసుకున్నారు. పది రోజులకు నొప్పులు పోయాయి. ఇక్కడ భయపడి మళ్లీ 10కి వెళ్లి ఉంటే మూడు నెలల శ్రమ వృథా అయ్యేది.

23వ వారంలో 6కి దిగారు. మొదటి రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. 26వ వారంలో పొద్దున్న భుజాలు మళ్లీ బిగుసుకుపోవడం మొదలైంది, మొదట అరగంట, తర్వాత గంటకు పైగా. రోజురోజుకీ పెరుగుతోంది. సాయంత్రానికి తేలికవుతోంది. సీఆర్పీ 22. ఇది జబ్బు తిరగబెట్టడమే.

రెండింటి మధ్య తేడా పట్టుకోవడానికి నేను చూసేవి మూడు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఉంది, రోజులు గడిచేకొద్దీ ఎటు వెళుతోంది. తగ్గింపు నొప్పి వెంటనే వచ్చి, ఒళ్లంతా ఉండి, తగ్గుతూ పోతుంది. తిరగబెట్టిన జబ్బు సాధారణంగా కాస్త ఆలస్యంగా వచ్చి, మొదట నొప్పి ఉన్న చోటే వచ్చి, పెరుగుతూ పోతుంది. దీని కోసం ఒక చిన్న నోటుపుస్తకంలో రోజూ మూడే మూడు రాయండి: డోసు, ఉదయపు బిగుతు ఎన్ని నిమిషాలు, నొప్పి పదికి ఎంత. ఆ మూడు అంకెలు డాక్టర్‌కి పెద్ద రిపోర్టు కంటే ఎక్కువ చెబుతాయి.

ఒకే భుజం నొప్పి, అదీ రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే ఎక్కువైతే, అది భుజం కండర బంధం అరిగిన నొప్పి కావచ్చు. ఈ వయసులో అది సర్వసాధారణం. దానికి స్టెరాయిడ్ మాత్ర పెంచడం సరైన మందు కాదు.

సీఆర్పీ ఒక్కటే పెరిగి లక్షణాలేమీ లేకపోతే కూడా డోసు పెంచకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఛాతీలో ఇన్ఫెక్షన్, పంటి చీము లాంటివి వెతికి, రెండు మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి. అయినా ఎక్కువగానే ఉంటే పెద్ద రక్తనాళాల జీసీఏ కోసం పెట్ సీటీ లాంటి స్కాన్ గురించి ఆలోచించాలి.

## 7. తిరగబెట్టిందని తేలాక

ముందు జీసీఏ ప్రశ్నలు, రెండు చేతుల బీపీ. అన్నీ బాగుంటే, చివరిసారి ఏ డోసులో సుఖంగా ఉన్నారో అక్కడికి తిరిగి వెళ్లాలి. మొదటి డోసు దాకా వెళ్లనక్కర్లేదు.

ఆవిడ 6 నుంచి 7కి వెళ్లారు. వారంలో బిగుతు పది నిమిషాలకు దిగింది. 7 చాలకపోయి ఉంటే 8 నుంచి 10 మధ్య ఒక మెట్టు ఎక్కేవారు. నాలుగు వారాలు అక్కడుండి 6.5కి, ఇంకో నాలుగు వారాలకు 6కి వచ్చారు. అక్కడి నుంచి ప్రతి మెట్టూ అర మి.గ్రా. మాత్రమే.

రెండుసార్లకు మించి తిరగబెడితే, లేదా షుగర్, ఎముకల ఇబ్బందుల వల్ల స్టెరాయిడ్ వేగంగా తగ్గించాల్సి వస్తే, మెథోట్రెక్సేట్ జత చేయడం గురించి రుమటాలజిస్ట్‌ని అడగండి. అది వారానికి ఒక్క రోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం, కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. స్టెరాయిడ్ తగ్గించలేకపోతున్న పీఎంఆర్ కోసం సారిలుమాబ్ ఇంజెక్షన్‌కి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని గానీ, జీసీఏకి వాడే టోసిలిజుమాబ్‌ని గానీ వాడుతున్నప్పుడు సీఆర్పీని నమ్మడానికి లేదు. ఆ మందులు సీఆర్పీ తయారీనే ఆపేస్తాయి, జబ్బున్నా ఇన్ఫెక్షన్ ఉన్నా రిపోర్టు నార్మల్‌గా రావచ్చు.

ఇప్పుడు ఇదే ఉదాహరణలో ఒక్క మార్పు ఊహించండి. 26వ వారంలో భుజం బిగుతుతో పాటు నమిలేటప్పుడు దవడ నొప్పి, కుడి కణత దగ్గర ముట్టుకోలేనంత నొప్పి ఉన్నాయనుకుందాం. అప్పుడు 6 నుంచి 7కి వెళ్లడం ప్రమాదకరం. మూడో మెట్టులో చెప్పినట్టు అదే రోజు 40 నుంచి 60 మి.గ్రా. మొదలుపెట్టాలి. అక్కడి నుంచి ప్రణాళికే వేరు: రెండు మూడు నెలల్లో 15 నుంచి 20 మధ్యకు, ఏడాది తర్వాత 5కి గానీ ఇంకా కిందికి గానీ రావడం లక్ష్యం. సీఆర్పీ అదే 22, భుజాల నొప్పీ అదే. డోసుని మార్చింది ఆ రెండు ప్రశ్నల సమాధానాలే.

## 8. 5 మి.గ్రా. కింద అడ్రినల్ సంగతి

నెలల తరబడి స్టెరాయిడ్ వాడితే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే సొంత స్టెరాయిడ్ తయారు చేయడం తగ్గించేస్తాయి. 5 మి.గ్రా. పైన ఉన్నంతకాలం ఆ లోటు కనిపించదు. ఆ కిందికి వచ్చాక నీరసం, ఆకలి లేకపోవడం, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైతే అడ్రినల్ గురించి ఆలోచించాలి. దీనిలో భుజాల బిగుతు ముఖ్య లక్షణం కాదు, సీఆర్పీ పెరగదు, సోడియం తగ్గొచ్చు.

మన ఉదాహరణలో 4 మి.గ్రా. దగ్గర ఆవిడకు సరిగ్గా ఇలాగే అయింది. పొద్దున్న 8, 9 గంటల మధ్య, అంతకుముందు రోజు మాత్ర వేసుకుని 24 గంటలు గడిచాక, ఆ రోజు మాత్ర వేసుకోకముందే కార్టిసాల్ పరీక్ష చేశారు. డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకున్నట్టు, 5 లోపు ఉంటే ఇంకా కోలుకోనట్టు. ఆవిడకు 6 వచ్చింది. 4 మి.గ్రా. దగ్గరే ఉంచి, రెండు నెలల తర్వాత మళ్లీ చేస్తే 11 వచ్చింది. అప్పుడు తగ్గింపు కొనసాగింది. మాత్ర వేసుకుని వెళ్లి ఈ పరీక్ష చేయించుకుంటే ఫలితానికి అర్థం ఉండదు.

జబ్బుపడిన రోజుల నియమాలు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి:

- మాత్రని ఒక్కసారిగా ఎప్పుడూ ఆపకూడదు.
- 10 మి.గ్రా. కంటే తక్కువ వాడుతూ జ్వరం వస్తే, తగ్గేదాకా రోజుకు 10 మి.గ్రా. వేసుకోవాల్సి ఉంటుంది. ఈ సూచనని ముందే డాక్టర్ చేత రాయించి పెట్టుకోండి.
- వాంతులతో మాత్ర నిలవకపోతే, మగతగా ఉంటే, ఇంట్లో ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ అవసరమవుతుంది.
- ఆపరేషన్‌కి ముందు, పెద్ద పంటి వైద్యానికి ముందు స్టెరాయిడ్ వాడుతున్నట్టు చెప్పాలి.
- స్టెరాయిడ్ వాడుతున్నట్టు తెలిపే స్టెరాయిడ్ కార్డు పర్సులో ఉండాలి.

## 9. విజిట్లు ఎప్పుడు, అప్పుడు ఏం చూడాలి

మొదటి ఏడాది 4 నుంచి 8 వారాలకు ఒకసారి, రెండో ఏడాది 8 నుంచి 12 వారాలకు ఒకసారి. నొప్పి తిరిగొస్తే తేదీ కోసం ఆగక్కర్లేదు.

- నోటుపుస్తకంలోని మూడు అంకెలు, జీసీఏ ప్రశ్నలు.
- రెండు చేతుల బీపీ, బరువు.
- సీఆర్పీ, ఈఎస్ఆర్, రక్తకణాలు, మధ్యాహ్నపు షుగర్.
- వేళ్ల కీళ్లు, మణికట్లు వాచాయేమో. వాస్తే యాంటీ సీసీపీ మళ్లీ చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కాదు కదా అని చూడాలి.
- వెన్నులో కొత్తగా నొప్పి, ఎత్తు తగ్గడం. ఇవి వెన్నుపూస విరిగినట్టు సూచించొచ్చు.
- ఏడాదికోసారి కళ్లు, డాక్టర్ చెప్పిన వ్యవధిలో డెక్సా.

ఈఎస్ఆర్ నెమ్మదిగా దిగుతుంది, రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా కాస్త ఎక్కువగానే ఉంటుంది. 30, 35 దగ్గర ఆగిపోయి, సీఆర్పీ నార్మల్‌గా ఉండి, మనిషి బాగుంటే దాన్ని కిందికి దించడానికి డోసు పెంచనక్కర్లేదు.

## 10. మాత్ర ఆపాక

చివరి 1 మి.గ్రా. ఆపిన తర్వాత తిరగబెట్టే అవకాశం మొదటి నెలల్లో ఎక్కువ. ఆపిన నెలకు, ఆ తర్వాత మూడు నెలలకు సీఆర్పీతో పాటు ఒక విజిట్ పెట్టుకోండి. నోటుపుస్తకం కూడా అప్పటిదాకా రాయండి. కార్టిసాల్ పరీక్షలో గ్రంథి కోలుకున్నట్టు తేలని వాళ్లు ఆపిన ఏడాది వరకు స్టెరాయిడ్ కార్డు దగ్గరే ఉంచుకోవాలి, పెద్ద జబ్బు చేసినా, ఆపరేషన్ అయినా పాత వాడకం గురించి డాక్టర్‌కి చెప్పాలి.

జీసీఏ కూడా వచ్చినవాళ్ల విషయంలో పని ఇక్కడితో అయిపోదు. బృహద్ధమని ఏళ్ల తర్వాత ఉబ్బే ప్రమాదం ఉంటుంది కాబట్టి, లక్షణాలేమీ లేకపోయినా ఏ వ్యవధిలో స్కాన్ చేయించాలో రుమటాలజిస్ట్‌ని అడిగి రాయించుకోండి. పీఎంఆర్ మాత్రమే ఉన్నవాళ్లకు అలాంటి స్కాన్లు మామూలుగా అక్కర్లేదు. కొత్త తలనొప్పి, దవడ నొప్పి, చూపులో తేడా వస్తే మాత్రం, మందు ఆపి ఎన్నాళ్లయినా సరే, అదే రోజు వెళ్లాలి.